ఆగిన మెషిన్ ఖర్చు ఎవరి నెత్తిన? ఓవర్‌హెడ్ తేడా వెనక ఉన్న పాత తగువు

సంవత్సరాంతంలో లెక్కలు మూసేటప్పుడు, ఏ ఒక్క సరుకుకీ నేరుగా అంటగట్టలేని ఖర్చులు రాసే ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ కంట్రోల్ ఖాతాలో ఎంతో కొంత మిగిలిపోయి కనబడుతుంది. సరిగ్గా సున్నా వచ్చిందంటే నాకైతే అనుమానమే, ఎవరో సర్దేశారని. ఆ మిగిలినదాన్ని ఏం చేయాలో పాఠ్యపుస్తకం నాలుగు లైన్లలో చెప్పేస్తుంది: చిన్న మొత్తమైతే అమ్మిన సరుకు ఖర్చులో కలిపేయండి, పెద్దదైతే అమ్ముడవని సరుకు నిల్వలకు కూడా పంచండి, కారణం అసాధారణమైతే నేరుగా లాభనష్టాల ఖాతాకు తోసేయండి. పరీక్షకు ఇది చాలు. కానీ ఈ దారులు ఒక్కరి బుర్రలోంచి పుట్టినవి కావు, ఒకదానితో ఒకటి పోట్లాడుకున్నవి. ఆ పోట్లాట తెలియకపోతే ఏది ఎప్పుడు వాడాలో ఎప్పటికీ బట్టీయమే.

ముందు ఒక ఫ్యాక్టరీ పెట్టుకుందాం, డబ్బు ఏ దేశానిదైనా అనుకోండి. ఏడాది మొదట్లో అంచనా: ఓవర్‌హెడ్ 12,00,000, మామూలుగా మెషిన్లు నడిచే గంటలు 40,000. అంటే గంటకు 30. లెక్క తేలికగా ఉండటానికి ఈ ఖర్చంతా స్థిర ఖర్చే అనుకుందాం: అద్దె, తరుగుదల, సూపర్‌వైజర్ జీతాలు, అలాంటివి. ఈ రేటు ముందే ఎందుకు పెట్టుకోవాలంటే, అసలు ఓవర్‌హెడ్ ఎంతయిందో ఏడాది అయ్యాక గానీ తెలియదు, కస్టమర్‌కు కొటేషన్ మాత్రం ఇవాళే ఇవ్వాలి. కాబట్టి ఒక జాబ్, అంటే కస్టమర్ ఇచ్చిన ఒక్కో ఆర్డర్ పని, మెషిన్ మీద ఎన్ని గంటలు ఉంటే అన్ని ముప్పైలు దాని ఖర్చుల కార్డు మీద వేస్తాం. కంట్రోల్ ఖాతాలో అసలు ఖర్చులు డెబిట్, ఇలా జాబ్‌ల మీద వేసినది క్రెడిట్.

ఏడాది గడిచింది. ఆర్డర్లు తగ్గి మెషిన్లు 32,000 గంటలే నడిచాయి. జాబ్‌ల మీద పడింది 9,60,000. అసలు ఖర్చు 11,20,000. ఖాతాలో 1,60,000 డెబిట్ నిల్వ మిగిలింది, ఇదే అండర్ అబ్సార్ప్షన్, అంటే జాబ్‌ల నుంచి రాబట్టలేకపోయిన ఓవర్‌హెడ్. జాబ్‌ల మీద ఎక్కువ వేసేసి క్రెడిట్ మిగిలితే ఓవర్ అబ్సార్ప్షన్.

ఇప్పుడు ఈ 1,60,000ని ఒక్కొక్కరి చేతికిచ్చి చూద్దాం.

మొదటివాడు అలెగ్జాండర్ హామిల్టన్ చర్చ్, ఇంగ్లండ్‌లో పుట్టిన ఇంజనీర్. 1901లో ది ఇంజనీరింగ్ మ్యాగజైన్‌లో వరుసగా వ్యాసాలు రాశాడు. అప్పట్లో చాలా చోట్ల ఓవర్‌హెడ్ మొత్తాన్ని కూలీ మీద ఇంత శాతం అని కొట్టేసేవాళ్లు, పెద్ద మెషిన్ వాడిన జాబ్‌కీ చేత్తో చేసిన జాబ్‌కీ ఒకటే శాతం. చర్చ్‌కి ఇది నచ్చలేదు. ప్రతి మెషిన్‌నీ ఒక చిన్న దుకాణంలా చూడమన్నాడు, దాని అద్దె దానిది, దాని తరుగుదల దానిది, దానికో గంట రేటు. మెషిన్ పూర్తి సమయం నడిస్తే ఖర్చు మొత్తం వసూలయ్యేలా ఆ రేటు కట్టాలి. మరి మెషిన్ ఊరికే నిలబడ్డ గంటల సంగతి? అది ఒక కుండలో మిగులుతుంది. నెలాఖరుకి ఆ కుండలోది తీసి, ఆ నెలలో జరిగిన పని మీదే సప్లిమెంటరీ రేటు పేరుతో మళ్లీ పంచేయమన్నాడు. మన లెక్కలో 1,60,000 ని 32,000 గంటలతో భాగిస్తే గంటకు 5. అంటే ప్రతి జాబ్ ఖర్చూ గంటకు 30 కాదు, 35.

చర్చ్‌ని తీసిపారేయడానికి లేదు. ఖాళీ గంటల ఖర్చును మామూలు రేటులో కలిపేయకుండా విడిగా చూపించినది ఆయన పద్ధతే, సప్లిమెంటరీ రేటు పెరిగిందంటే ఫ్యాక్టరీలో ఏదో ఆగిపోయిందని తెలిసేది. చిక్కల్లా చివరి అడుగులో ఉంది. విడిగా చూపించి, మళ్లీ తీసుకెళ్లి జాబ్ నెత్తినే పెట్టాడు.

హెన్రీ గాంట్ పట్టుకున్నది సరిగ్గా అక్కడే. బార్ చార్టుల గాంట్, ఆయనే. 1915లో అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సొసైటీలో చదివిన పేపర్‌లో ఆయన వాదన సూటిగా ఉంది: ఫ్యాక్టరీ మామూలుగా చేసే ఉత్పత్తిలో ఇప్పుడు చేసినది ఎంత భాగమో, మామూలు స్థాయికి అయ్యే ఓవర్‌హెడ్‌లో అంతే భాగం ఆ సరుకు భరించాలి. మిగతాది సరుకు తయారీకి అయిన ఖర్చు కాదు, తయారు చేయకపోవడానికి అయిన ఖర్చు, దాన్ని వ్యాపారం నష్టంగా భరించాలి. ఎందుకింత పట్టుదల అంటే, పాత పద్ధతిలో మార్కెట్ మందగించినప్పుడే సరుకు ఖర్చు పెరిగినట్టు కనబడుతుంది. 35 చూసి రేటు పెంచుతారు, ఇంకో ఆర్డర్ పోతుంది, గంటలు 28,000కి పడతాయి, అదే ఖర్చును తక్కువ గంటలతో భాగిస్తే రేటు 40 అవుతుంది, మళ్లీ పెంచుతారు. పక్కనున్న నాలుగు మెషిన్లు ఊరికే ఉన్నందుకు ఐదో మెషిన్ మీద చేసిన సరుకు ఖరీదెక్కడం ఏమిటన్నది ఆయన ప్రశ్న, నాకు దీనికి జవాబు ఇప్పటికీ దొరకలేదు.

గాంట్ చేతికి మన 1,60,000 ఇస్తే ముందు దాన్ని విప్పమంటాడు. విప్పితే రెండు ముక్కలు. 8,000 గంటలు మెషిన్లు నడవలేదు, గంటకు 30 చొప్పున 2,40,000 వసూలు కాలేదు. మరోవైపు ఖర్చు అంచనా కన్నా 80,000 తగ్గింది. 2,40,000లోంచి 80,000 తీసేస్తే 1,60,000. ఒకే నిల్వగా చూసినప్పుడు కొనుగోళ్లవాళ్లో మెయింటెనెన్స్‌వాళ్లో చేసిన పొదుపు, ఖాళీ మెషిన్ల నష్టాన్ని మూడో వంతు కప్పేసింది. నేను చూసిన ఒక చోట మూడేళ్లు వరుసగా ఖాతాలో మిగిలింది చాలా చిన్న మొత్తమే, అందరూ అంచనా బ్రహ్మాండంగా వేశామనుకున్నారు. విడదీస్తే ఏటా గంటలు పడిపోతున్నాయి, ఏటా రిపేర్లు వాయిదా వేసి ఖర్చు తగ్గిస్తున్నారు. ఆ చిన్న నిల్వలో రెండు రోగాలున్నాయి.

1936లో ఇంకొకాయన ఇంకో మెలిక చూపించాడు. జోనథన్ హారిస్ అనే అమెరికన్ కాస్ట్ అకౌంటెంట్ 'పోయిన నెల మనం ఎంత సంపాదించాం?' అనే అర్థం వచ్చే శీర్షికతో ఒక వ్యాసం రాశాడు. సందర్భం చాలామందికి అనుభవమే: ఆ నెల అమ్మకాలు పెరిగాయి, లాభం చూస్తే తగ్గింది. కారణం, అమ్మింది పాత నిల్వలోంచి, ఫ్యాక్టరీ ఆ నెల తక్కువ తయారుచేసింది, వసూలు కాని ఓవర్‌హెడ్ అంతా ఆ నెల లాభం మీద పడింది. హారిస్ చెప్పిన మందు, స్థిర ఓవర్‌హెడ్‌ని సరుకులోకే ఎక్కించొద్దు, ఏ నెలది ఆ నెల ఖర్చు రాసేయండి అని. డైరెక్ట్ కాస్టింగ్ పేరుతో ఇది కంపెనీల లోపలి రిపోర్టుల్లో బాగానే నిలబడింది. బయటికిచ్చే ఖాతాల్లో మాత్రం ఒప్పుకోలేదు, అక్కడ స్థిర ఓవర్‌హెడ్ సరుకు విలువలోకి ఎక్కాల్సిందే.

ఎక్కాలి సరే, ఎంత? ఇక్కడ చివరికి గెలిచింది గాంటే. అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 2 ప్రకారం స్థిర ఓవర్‌హెడ్‌ని మామూలు సామర్థ్యం మీద పంచాలి, ఉత్పత్తి తగ్గిందని ఒక్కో యూనిట్ మీద పడే భాగం పెంచకూడదు, పంచగా మిగిలినది ఆ ఏడాది ఖర్చు. అమెరికాలో 1953 నాటి పాత అకౌంటింగ్ బులెటిన్ అసాధారణంగా ఖాళీ ఉన్న ఫ్యాక్టరీ ఖర్చును 'మరీ అసాధారణమైతే' ఖర్చు రాయొచ్చన్నట్టు వదులుగా మాట్లాడేది, 2004లో ఎఫ్ఏఎస్ 151 అనే అమెరికా ప్రమాణం వచ్చి ఆ వదులు తీసేసింది.

మన ఫ్యాక్టరీలో దీని అర్థం చూడండి. ఆ 32,000 గంటల పనిలో 24,000 గంటల సరుకు అమ్ముడైంది, 6,000 గంటలది గోడౌన్‌లో ఉంది, 2,000 గంటలది ఇంకా ఫ్యాక్టరీలోనే సగంలో ఉంది. పుస్తకం చెప్పినట్టు దామాషాగా పంచితే అమ్మిన సరుకుకి 1,20,000, గోడౌన్‌కి 30,000, సగంలో ఉన్న పనికి 10,000. బాగానే కనబడుతుంది, కానీ ఇలా పంచడం అంటే గంటకు 5 కలపడమే, అంటే చర్చ్ సప్లిమెంటరీ రేటే వేరే చొక్కా వేసుకొచ్చింది. మిగిలిన 8,000 గంటల సరుకు విలువలో ఓవర్‌హెడ్ గంటకు 35 చొప్పున 2,80,000 అయింది.

ఐఏఎస్ 2 లెక్కలో అసలు ఖర్చు 11,20,000, మామూలు గంటలు 40,000, గంటకు 28. నిల్వలో ఉండాల్సింది 8,000 గంటలకి 2,24,000. తేడా 56,000, అంటే నిల్వకి పంచినందుకు ఈ ఏడాది లాభం అంతమేర ఎక్కువ చూపించాం. ఇంకోటి గమనించారా, ఇప్పటికే పుస్తకాల్లో ఉన్న 30 కూడా ఎక్కువే. అండర్ అబ్సార్ప్షన్ ఉన్న ఏడాదిలో నిల్వ విలువ పెంచడం కాదు, గంటకు 2 చొప్పున 16,000 తగ్గించాలి. ముందే కట్టిన రేటు అసలుకి దగ్గరగా ఉంటే అలాగే ఉంచొచ్చు, ఇంత తేడాకి మీ ఆడిటర్ ఏమంటాడో ఆయన్నే అడగండి. తగ్గించి రాస్తే చివరి ఎంట్రీలో లాభనష్టాల ఖాతా డెబిట్ 1,76,000, నిల్వలు క్రెడిట్ 16,000, కంట్రోల్ ఖాతా క్రెడిట్ 1,60,000.

మరి నిల్వకి పంచడం ఎప్పుడు సరైనది? గంటలు దాదాపు అనుకున్నట్టే నడిచి, కరెంటు రేటు పెరగడం లాంటి కారణంతో ఖర్చే అంచనా దాటినప్పుడు. అది నిజంగా ఆ సరుకు తయారీకి అయిన ఖర్చే, అది సరుకుతోపాటే వెళ్లాలి. ఆగిన గంటలవల్ల వచ్చిన భాగానికి ఆ అర్హత లేదు.

ఓవర్ అబ్సార్ప్షన్‌కి నియమం అద్దంలో బొమ్మలా ఉండదు. మెషిన్లు 48,000 గంటలు నడిచి అసలు ఖర్చు 12,00,000 అయితే జాబ్‌ల మీద 14,40,000 పడింది, క్రెడిట్ 2,40,000. ఆ క్రెడిట్‌నంతా లాభంలోకి లాగేస్తే గోడౌన్‌లో సరుకు గంటకు 30 చొప్పున నిలబడుతుంది, నిజానికి అయింది 25. ఉత్పత్తి అసాధారణంగా ఎక్కువైతే ఒక్కో యూనిట్ రేటు తగ్గించాలని ప్రమాణమే చెబుతుంది, సరుకు అయిన ఖర్చు కన్నా ఎక్కువ విలువలో ఉండకూడదు కాబట్టి. ఇక్కడ మాత్రం దామాషా పంపకమే దారి.

ఇక నెలాఖరుల్లో 'సీజన్ వస్తే కవరైపోతుందిలే' అని ఖాతాలో మిగిలిన తేడాను బ్యాలెన్స్ షీట్‌లో ముందుకు మోయడం ఉంది కదా. లోపలి రిపోర్టుకి మోసుకోండి. బయటికిచ్చే మధ్యంతర ఖాతాలకి రెండు దారులున్నాయి: ఏడాది లోపు సర్దుకుంటుందని ముందే లెక్కేసుకున్న తేడాని అమెరికా నియమం మామూలుగా మోయమంటుంది, మధ్యంతర ఖాతాల అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 34 మోయొద్దంటుంది, ఏడాది చివర ఎలా రాస్తారో మూడు నెలలకీ అలాగే రాయమంటుంది.