బ్యాంక్ హాలిడేకి పీక్ డిస్ట్రిక్ట్: అపోహలు - వాస్తవాలు

మే నెలాఖరు బ్యాంక్ హాలిడే, అంటే సోమవారం ప్రభుత్వ సెలవుతో కలిసొచ్చే లాంగ్ వీకెండ్ దగ్గర పడిందంటే నాకు వచ్చే ఫోన్ ఒకటే: "అన్నా, పీక్ డిస్ట్రిక్ట్‌కి టికెట్ ఎక్కడ బుక్ చేయాలి?" ఇంగ్లండ్‌లో ఉంటున్న మన కుటుంబాలను ఆ కొండల్లో నడకలకు తీసుకెళ్తుంటాను కాబట్టి ఆ ప్రశ్న నుంచే మొదలుపెడతాను.

అపోహ: నేషనల్ పార్క్ అంటే గేటు, టికెట్, లోపల జంతువులు.

మనకు తెలిసిన నేషనల్ పార్క్ బందీపూర్ లాంటిది. చెక్‌పోస్టు దాటాలి, జీపు ఎక్కాలి. పీక్ డిస్ట్రిక్ట్ 1951లో బ్రిటన్‌లోనే మొట్టమొదటి నేషనల్ పార్క్ అయింది. అయినా దానికి గేటూ లేదు, టికెట్టూ లేదు. లోపల ఊళ్లున్నాయి, బడులున్నాయి, గొర్రెల మందలున్నాయి. భూమిలో చాలా భాగం రైతులది. మనం నడిచే కాలిబాట ఎవరిదో పొలం మధ్య నుంచే పోతుంది. అందుకే దారిలో పొలం గేటు మూసి ఉంటే దాటాక మూయాలి, తెరిచి ఉంటే అలాగే వదిలేయాలి.

ఇక్కడ మనవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. ఒకసారి మాతో వచ్చిన పెద్దావిడ, గోమాత కదా అని దూడ పక్కనున్న ఆవుకి దండం పెట్టడానికి దగ్గరికెళ్లారు. అది తల దించి రెండడుగులు ముందుకేసింది. ఆమెను చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. దూడ పక్కనున్న ఆవు మనిషి మీదికి వస్తుంది. మందకి దూరంగా, పొలం అంచునే నడవాలి. దండం అక్కణ్నుంచే పెట్టుకోవచ్చు!

అపోహ: కారుంది కదా, తీరిగ్గా పదకొండింటికి వెళ్లినా చాలు.

ఇక్కడే ఎక్కువ ప్లాన్లు పాడవుతాయి. కాసిల్టన్ ఊరి పైనున్న మామ్ టోర్ కొండకు అందరూ వస్తారు. ఎండ కాసిన బ్యాంక్ హాలిడే రోజున దాని కార్ పార్క్ పొద్దున్నే నిండిపోతుంది. రోడ్లు ఇరుకు, పక్కన ఎక్కడ పడితే అక్కడ ఆపితే ఫైన్, ఒక్కోసారి కారే టో చేసుకుపోతారు. లెస్టర్ నుంచి వచ్చిన ఒక కుటుంబం గంటకు పైగా చక్కర్లు కొట్టి, పులిహోర కార్లోనే తిని వెనక్కి వెళ్లిపోయింది.

మరుసటి ఏడాది వాళ్లకి నేను వేసిచ్చిన ప్లాన్ ఇది. హేథర్‌సేజ్ అనే ఊళ్లో రెండు రాత్రుల బస, ఆదివారం కారు అక్కడే. షెఫీల్డ్-మాంచెస్టర్ మధ్య తిరిగే హోప్ వ్యాలీ రైలెక్కి ఈడేల్‌లో దిగారు. అక్కణ్నుంచి హాలిన్స్ క్రాస్ అనే చోటికి ఎక్కారు. అది రెండు లోయల మధ్యనున్న గుట్టల వరసలో బాగా పల్లంగా ఉండే చోటు. అక్కడ కూర్చుని పెరుగన్నం తిని, అవతలివైపు కాసిల్టన్‌కి దిగారు. మొత్తం సుమారు 5 కిలోమీటర్లు, పిల్లలతో మూడు గంటలు. తిరిగి బస్సులో హేథర్‌సేజ్. సెలవు రోజున బస్సులు తక్కువ, కాబట్టి ఆఖరి బస్సు టైము ముందు రోజే చూసి పెట్టుకోవాలి.

ఓపికుంటే కాసిల్టన్ పక్కన పాత రోడ్డుని చూడండి. మామ్ టోర్ మట్టి ఎప్పుడూ జారుతూనే ఉంటుంది. బాగుచేసీ చేసీ విసిగి 1979లో ఆ రోడ్డుని పూర్తిగా మూసేశారు. తారు పొరలు మెట్లలా విరిగి పడి ఉంటాయి. మా పిల్లలకి శిఖరం కన్నా అదే నచ్చింది.

అపోహ: 517 మీటర్ల కొండేగా, చెప్పులు చాలు.

మామ్ టోర్ ఎత్తు అంతే, నిజమే. కానీ కింద టీషర్టుతో ఉన్నవాళ్లు పైన గాలికి వణుకుతారు, మబ్బు దిగితే పది గజాల అవతల కనబడదు. మనిషికొక వాన జాకెట్, పట్టున్న బూట్లు తప్పవు. లోయలో ఫోన్ సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఎవరికైనా కాలు బెణికితే 999కి ఫోన్ చేసి ముందు పోలీసులను, వాళ్ల ద్వారా మౌంటెన్ రెస్క్యూని అడగాలి. అంబులెన్స్ అని అడిగితే కొండ మీదికి అది రాలేదు.

అపోహ: ఖాళీ కొండే కదా, చికెన్ కాల్చుకోవచ్చు.

వద్దు. ఈ కొండల పైభాగం పీట్ నేల, అంటే వేల ఏళ్లుగా సగమే కుళ్లి పేరుకున్న నాచు. ఎండాకాలంలో అంటుకుంటే భూమి లోపల్లోపలే కాలుతుంది. 2018 జూన్‌లో సాడిల్‌వర్త్ మూర్ అనే పార్క్ అంచు బీడు కొండల్లో మంటలు ఆర్పడానికి సైన్యం కూడా దిగాల్సి వచ్చింది. వండుకునే తీసుకెళ్లండి.

అపోహ: అమ్మానాన్నలు వస్తే కొండలు కుదరవు.

వాళ్ల కోసం సోమవారం ఉంచుకోండి. బేక్‌వెల్ దగ్గర మాన్సల్ ట్రెయిల్ ఒకప్పటి రైలు మార్గం, చదునుగా 8.5 మైళ్లు. 2011లో తెరిచిన పాత సొరంగాల్లో పగలు లైట్లుంటాయి. స్ట్రోలర్ హాయిగా వెళ్తుంది. హెడ్‌స్టోన్ వంతెన దాకా నడిచి వెనక్కి తిరిగినా చాలు. సొరంగంలో మాత్రం మే నెలలోనూ చలే, అమ్మకి శాలువా మర్చిపోవద్దు.