సగటు, వేరియన్స్ మాత్రమే తెలిస్తే: అపోహలు - వాస్తవాలు

సర్వర్ల పనితీరు చూసుకోవడం నా పని. ఒక సర్వీసు సగటున 200 మిల్లీ సెకన్లలో జవాబిస్తోంది, స్టాండర్డ్ డీవియేషన్ (సిగ్మా) 50 అనుకుందాం. 350కి చేరితే అలారం మోగాలి. ఎన్నిసార్లు మోగుతుంది?

అపోహ: 350 అంటే మూడు సిగ్మాల దూరం, కాబట్టి వెయ్యికి ఒకటో రెండో.

ఆ లెక్క నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌ది. అందులో పైవైపు 0.135 శాతమే. మన చేతిలో ఉన్నవి సగటు, సిగ్మా వర్గమైన వేరియన్స్ మాత్రమే అయితే చెబిషెవ్ అసమానత ఇచ్చేది ఇంతే: సగటు నుంచి k సిగ్మాలు, ఆపైన దూరం వెళ్లే సంభావ్యత 1/k² దాటదు. k = 3కి రెండు వైపులా కలిపి 11.1 శాతం. నార్మల్‌లో ఇదే 0.27 శాతం, అంటే చెబిషెవ్ ఇచ్చే పైహద్దు, అదే బౌండ్, దాదాపు 40 రెట్లు వదులు.

అపోహ: అంత వదులు అంటే సూత్రంలోనే లోపం ఉంది.

లేదు, లోపం మనకు తెలిసినదాంట్లో ఉంది. 1800 రిక్వెస్టులు తీసుకోండి. 1600 సరిగ్గా 200లో, 100 రిక్వెస్టులు 350లో, మరో 100 రిక్వెస్టులు 50లో ముగిశాయి. సగటు 200. వేరియన్స్ = 200 × 22500 / 1800 = 2500, సిగ్మా 50. మూడు సిగ్మాల దూరంలో ఉన్నవి 1800లో 200, అచ్చంగా 1/9. ఇలాంటి డేటా ఉండే వీలున్నంత కాలం ఆ బౌండ్‌ను ఎవరూ బిగించలేరు. ఇంకో సంగతి తెలిస్తే మాత్రం బిగుస్తుంది. డిస్ట్రిబ్యూషన్‌కు ఒకటే శిఖరం ఉందని తెలిస్తే చాలు, 11.1 కాస్తా దాదాపు 4.9కి దిగుతుంది.

అపోహ: మనకు కావాల్సింది పైవైపే కాబట్టి 11.1లో సగం.

ఈ తప్పు నేనూ చేశాను. డిస్ట్రిబ్యూషన్ సౌష్ఠవంగా ఉంటేనే సగం చేయాలి. ఒక వైపుకి కాంటెల్లి అసమానత వాడాలి: 1/(1+k²), అంటే ఇక్కడ 10 శాతం. 5.6 కాదు. నమ్మకం లేకపోతే పది రిక్వెస్టుల్లో ఒకటి 350లో, మిగతా తొమ్మిది 183.33లో పెట్టి లెక్కవేయండి. సగటు 200, సిగ్మా 50 వస్తాయి. నెమ్మదిగా ఉన్నది సరిగ్గా పదో వంతు.

అపోహ: లాగ్‌లో కొలిచిన సిగ్మా వేసినా బౌండ్ ఖాయం.

అసలు సగటు, అసలు సిగ్మాలకే ఆ హామీ. పై సర్వీసులోనే వెయ్యికి ఒక రిక్వెస్టు 5200 దాకా పోతుందనుకోండి. 50 రిక్వెస్టుల శాంపిల్‌లో అలాంటిది ఒక్కటీ కనబడకపోయే అవకాశం 95 శాతం. కొలిస్తే సిగ్మా దాదాపు 50 అనే వస్తుంది, అసలుది 165 పైమాటే. అప్పుడు 350 ఒక సిగ్మా దూరంలో కూడా ఉండదు. చెబిషెవ్ బౌండ్ 1 దాటిపోయి ఏమీ చెప్పదు.