బరువులెత్తితే పొట్టిగా ఉండిపోతారా?

గాజువాకలో గానీ మధురవాడలో గానీ పదమూడేళ్ల కుర్రాడు జిమ్‌కి వెళ్తానన్నాడంటే ఇంట్లో ముందు వినబడేది ఒకటే మాట: "ఇప్పట్నించే బరువులెత్తితే పొట్టిగా ఉండిపోతావురా." సాక్ష్యం కూడా సిద్ధంగా ఉంటుంది. వెయిట్‌లిఫ్టర్లు చాలామంది పొట్టివాళ్లే కదా!

పొట్టివాళ్లే, ఒప్పుకుందాం. కానీ పొట్టిగా ఉన్నవాడు బార్‌ను తలపైకి చేర్చడానికి ఎత్తాల్సిన దూరం తక్కువ. పైగా పోటీలు శరీర బరువును బట్టి విడివిడిగా జరుగుతాయి. అదే బరువులో ఉన్న పొడుగువాడికంటే పొట్టివాడికి ఒంట్లో కండ వాటా ఎక్కువ ఉంటుంది. అలాంటివాళ్లే ఆ ఆటలో నిలబడతారు. బాస్కెట్‌బాల్ ఆడినంత మాత్రాన ఎవరూ ఆరడుగులు అవ్వనట్టే ఇదీను.

ఎముక పొడవు పెరిగేది దాని చివరల దగ్గర ఉండే పల్చని మృదులాస్థి పొరలో. డాక్టర్లు దీన్ని గ్రోత్ ప్లేట్ అంటారు. అక్కడి కణాలు వరుసలు కట్టి విభజన చెందుతాయి, ఉబ్బుతాయి, చివరికి వాటి చోట ఎముక ఏర్పడుతుంది. ఆ పొర మూసుకుపోయిన రోజు పొడవు ఆగిపోతుంది. మూసేది ఈస్ట్రోజెన్ హార్మోన్, మగపిల్లల్లో కూడా. 1994లో అమెరికా వైద్యులు ఒక మనిషి గురించి రాశారు. వయసు 28, ఎత్తు 204 సెంటీమీటర్లు, ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. అతని ఎముకలు పదిహేనేళ్ల కుర్రాడివిలా ఉన్నాయి. ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారవుతోంది గానీ, జన్యులోపం వల్ల కణాలు దాన్ని అందుకోలేకపోతున్నాయి. ఆ ఒక్క హార్మోన్ పని చెయ్యకపోతే ప్లేట్లు తెరిచే ఉంటాయని అతని వల్ల తేలింది.

మరి ఈ భయం గాలిలోంచి పుట్టిందా? కాదు. 1970, 80లలో బరువులు తలపైకి ఎత్తుతూ మణికట్టు దగ్గర గ్రోత్ ప్లేట్ విరగ్గొట్టుకున్న కుర్రాళ్ల కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. ఎక్కువ కేసుల్లో మోతాదుకు మించిన బరువు, తప్పు పద్ధతి, పక్కన చూసేవాళ్లు లేకపోవడం. ఆ గాయం నిజంగా ప్రమాదకరమే. ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక పొడవులో సుమారు నాలుగింట మూడు వంతులు మణికట్టు దగ్గరి ప్లేటే ఇస్తుంది. పన్నెండేళ్లకే అది దెబ్బతిని మూసుకుపోతే ఆ ఎముక ఆగిపోతుంది, పక్కది పెరుగుతూనే ఉంటుంది, మణికట్టు ఒక పక్కకి వంగుతుంది. అంతే తప్ప మనిషి ఎత్తు తగ్గదు. ఎత్తు వచ్చేది కాళ్లూ వెన్నూ నుంచి. మణికట్టుకి కాస్త పైన ఎముకను నొక్కితే నొప్పి తగ్గకుండా ఉంటే, ఎక్స్‌రే బాగానే ఉందన్నా ఎముకల డాక్టరుకి చూపించాలి. మృదులాస్థి ఎక్స్‌రేలో కనబడదు.

శిక్షకుడి కళ్ల ముందు సాధన చేసిన పిల్లల మీద జరిగిన అధ్యయనాల్లో ఎత్తు తగ్గినట్టు తేలలేదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ మాటా అదే. ఆ అధ్యయనాలు ఎక్కువగా కొన్ని వారాలు, నెలలవే, అది గుర్తుంచుకోవాలి. రోజూ గంటల తరబడి చేతుల మీద బరువు మోసే జిమ్నాస్ట్ పిల్లల మణికట్టు ప్లేట్లు దెబ్బతినడం కూడా తెలిసిందే.

మన జిమ్‌లలో అసలు చిక్కు బార్ దగ్గరే ఉంది. పోటీల కొలతల పెద్ద బార్ బరువు చక్రాలేమీ తగిలించకుండానే 20 కిలోలు. నలభై కిలోల కుర్రాడికి అది సగం ఒళ్లు! ముందు ఉత్త కర్రతో పద్ధతి నేర్పాలి. తర్వాత 10 నుంచి 15 సార్లు తేలిగ్గా ఎత్తగలిగే బరువు, అది కుదిరాక 5 నుంచి 10 శాతం పెంపు. అంటే 10 కిలోల మీద మహా అయితే ఒక కిలో. "ఒక్కసారి ఎంత ఎత్తగలవో చూద్దాం" అనే పందెం ఈ వయసులో వద్దు. మన పక్క శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి పన్నెండేళ్లకే సాధన మొదలుపెట్టి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఒక్కరి కథ రుజువు కాదు గానీ, ఆమె పక్కన శిక్షకుడు ఉన్నాడన్నది గమనించాలి.

కాఫీ తాగితే ఎత్తు పెరగరని అరకు కాఫీ మీద వేసే నింద ఇంకా తేలిక. కెఫీన్ వల్ల మూత్రంలో కాస్త కాల్షియం పోతుంది. రెండు మూడు చెంచాల పాలు ఆ లోటు తీర్చేస్తాయి, మన కాఫీలో పాలు అంతకంటే ఎక్కువే. 81 మంది అమ్మాయిలను 12 నుంచి 18 ఏళ్ల దాకా గమనించిన అమెరికా అధ్యయనంలో కెఫీన్‌కీ ఎముకల ఎదుగుదలకీ సంబంధం కనబడలేదు. అయినా పిల్లలకి సాయంత్రం కాఫీ ఇవ్వమని నేను చెప్పను. నిద్ర చెడుతుంది, భోజనంతో తాగితే తిండిలోని ఇనుము సరిగా ఒంటికి పట్టదు.

స్కూలు బ్యాగు మోస్తే ఎత్తు ఆగిపోతుందన్న భయమూ ఉంది. బ్యాగు పిల్లాడి బరువులో పదో వంతు దాటకూడదని 2020 జాతీయ విధానం అంటోంది. బ్యాగు నిజంగా కుదించేది వెన్నుపూసల మధ్య డిస్కులను, అదీ తాత్కాలికంగా. బ్యాగు లేకపోయినా సాయంత్రానికి మనందరం సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతాం, పడుకుంటే తిరిగొస్తుంది. అందుకే గోడ మీద గీత పెట్టేటప్పుడు ప్రతిసారీ ఒకే వేళకి, ఆరు నెలలకోసారి కొలవండి. నాలుగేళ్లు దాటిన పిల్లలు ఏడాదికి 4 సెంటీమీటర్లు కూడా పెరగకపోతే, అదీ ఇంకా ఈడు రానివాళ్లయితే, పిల్లల డాక్టరు థైరాయిడ్, రక్తహీనత, తిండి, తరచూ వచ్చే జబ్బుల దగ్గర వెతకడం మొదలుపెడతారు.