ఉగాదిని స్పానిష్‌లో చెప్పడం: అపోహలు - వాస్తవాలు

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లకు నేను స్పానిష్ నేర్పుతాను. ఫాల్గుణం చివర్లోకి వచ్చిందంటే ఫోన్లు మొదలవుతాయి. "పక్కింట్లోకి మెక్సికో వాళ్లు దిగారండీ, ఉగాదికి రమ్మన్నాం. పచ్చడి గురించి ఏం చెప్పాలో రాసివ్వండి." రాసిస్తాను. కానీ ముందుగా ఒకటి అడుగుతాను: వాళ్లది ఏ దేశం? ఫలానా దేశమని తెలిసినవాళ్లు తక్కువ. "స్పానిష్ వాళ్లు" అంటారు, అంతే. చిక్కంతా అక్కడే ఉంది.

అపోహ: స్పానిష్ ఎక్కడైనా ఒకటే, డిక్షనరీలో మాట దొరికితే చాలు.

వ్యాకరణం దాదాపు ఒకటే. వంటింటి మాటలు ఒకటి కావు. శ్రీకాకుళంలో, చిత్తూరులో కూరగాయల పేర్లు మారినట్టే అక్కడ దేశం దాటితే మారిపోతాయి. బెల్లాన్నే తీసుకోండి. డిక్షనరీలో చూస్తే 'పానెలా' అని ఉంటుంది. కొలంబియా వాళ్లకు ఆ మాట సరిపోతుంది, అది అచ్చంగా మన బెల్లమే. మెక్సికో వాళ్లకు పానెలా అనగానే తెల్లటి మెత్తని జున్ను గుర్తొస్తుంది. వాళ్ల బెల్లం పేరు 'పిలోన్సీయో'. పెరూలో 'చంకాకా', వెనెజ్వేలాలో 'పపెలోన్'. పచ్చడిలో పానెలా వేశామని చెబితే, పాలు పడని మెక్సికో పిల్లవాడు దాని జోలికే రాడు. పాల చుక్క లేని పచ్చడిని పాపం ఊరికే వదులుకుంటాడు.

అది చిన్న నష్టం. పెద్దది జీడిపప్పుతో వచ్చింది.

నా దగ్గర నేర్చుకుంటున్న ఒక అక్క పోయినేడు పక్కింటివాళ్లని పిలిచింది. వాళ్లది మెక్సికోలోని పుఎబ్లా. ఆరేళ్ల బాబుకి కొన్ని గింజలు పడవని తల్లి ముందే చెప్పింది. అక్క జాగ్రత్తగా మాటలు వెతుక్కుని, పచ్చడిలో, పాయసంలో 'అనకార్దో' ఉందని స్పష్టంగా చెప్పింది. తల్లి చిరునవ్వుతో తలూపింది. అక్క పని అయిపోయిందనుకుంది. నేనా పూట అక్కడే ఉన్నాను. తల్లి బాబు చేతికి పాయసం గిన్నె అందించబోతుంటే నా గుండె ఆగినంత పనైంది. అనకార్దో స్పెయిన్ మాట. మెక్సికోలో జీడిపప్పుని 'నుఎస్ దె లా ఇందియా' అంటారు, అంటే ఇండియా గింజ. ఆమెకు మొదటి మాట తెలియదు. పండగ పూట పిలిచినవాళ్లని మళ్లీ మళ్లీ అడిగి ఇబ్బంది పెట్టడం ఎందుకని తలూపింది. మనమైనా అంతే కదా, ఎవరింటికైనా వెళ్తే అర్థం కాకపోయినా తలూపుతాం. ఆ తలూపుని అర్థమైందనడానికి గుర్తుగా తీసుకోకండి. అర్థమైతే ఆమె తిరిగి ఒక మాట అంటుంది: "మా బాబుకి పడదు" అనో, "అది మాకూ ఉంది" అనో.

వేరుశనగ సంగతీ ఇంతే. మెక్సికోలో 'కాకావాతె', స్పెయిన్‌లో 'కాకావెతె', దక్షిణ అమెరికాలో చాలా చోట్ల 'మనీ'. ఉగాది పులిహోరలో పోపుతో పాటు అది పడుతుంది. దానికి తోడు మనవాళ్లు శనగపప్పునీ వేరుశనగనీ కలిపేసి, బొబ్బట్టులో పూర్ణానికి వేసిన శనగపప్పుని 'మనీ' అని చెప్పేస్తున్నారు. శనగ అంటే 'గార్బాన్సో'.

అందుకే నేను మాట మీద భారం వేయడం మానేశాను. ఒక పళ్లెంలో వండని సరుకులు పెట్టమంటాను: మామిడికాయ ముక్క, చింతపండు, వేపపువ్వు, బెల్లం గడ్డ, జీడిపప్పు, వేరుశనగ, శనగపప్పు, పక్కన కొంచెం గోధుమపిండి. ఇల్లాలు ఒక్కొక్కటీ చూపించి, "కోమో సె యామా ఎస్తో ఎన్ సు పయీస్?" అని అడగాలి. మీ దేశంలో దీన్నేమంటారు అని. వాళ్లే పేరు చెబుతారు. ఆపైన ఆ పూటంతా ఆ పేరే వాడాలి. అక్క ఇంట్లో ఆ పళ్లెం ఆలస్యంగా వచ్చింది, అయినా బాబు స్పూన్ ముంచకముందే వచ్చింది.

నెయ్యి దగ్గర ఇంకో గొయ్యి ఉంది. 'మాంతెకా' అంటే అర్జెంటీనాలో వెన్న, మెక్సికోలో పంది కొవ్వు. మనం నెయ్యిని 'మాంతెకియా క్లారిఫికాదా' అనాలి, ఏ దేశం వాళ్లకైనా తెలుస్తుంది. బొబ్బట్టు మీద మాంతెకా వేశామంటే పక్కింటి మెక్సికో బామ్మ ఏమీ అనుకోదు, వాళ్ల వంటల్లో మామూలే. మోసం తిరుగు ప్రయాణంలో ఉంటుంది. మర్నాడు ఆమె ప్రేమగా బీన్స్ వండి తెస్తుంది. "సిన్ కార్నె" అంటుంది, మాంసం లేదని. అబద్ధం కాదు. కానీ ఆ బీన్స్‌ని మాంతెకాలో వేయించి ఉండొచ్చు. జన్మలో గుడ్డు కూడా ముట్టని అత్తగారు తినేశాక ఈ సంగతి తెలిసి ఒక ఇంట్లో రెండు రోజులు ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. పక్కింటావిడ తప్పు ఇందులో రవ్వంత లేదు. శాకాహారం గురించి చెప్పేటప్పుడే "ని పోయో, ని హువెవో, ని మాంతెకా దె సెర్దో" అని కలిపి చెప్పాలి: కోడి, గుడ్డు, పంది కొవ్వు ఏవీ వద్దని. కార్నె అనే మాటలో కోడి రాదనుకునేవాళ్లు కూడా ఉన్నారు.

అపోహ: పచ్చడి అంటే 'సాల్సా'.

అలా చెబితే చిప్స్ తెచ్చి ముంచుకుంటారు, నేను చూశాను. "ఊనా కుచారాదా పారా కాదా ఊనో" అనండి, ఒక్కొక్కరికీ ఒక చెంచా అని. తర్వాత రుచులు. తీపి 'దుల్సె', పులుపు 'అగ్రియో', ఉప్పు 'సలాదో', చేదు 'అమార్గో'. కారం 'పికాంతె', 'కలియెంతె' అంటే పొయ్యి మీంచి దింపిన వేడి. వగరుకి పుస్తకంలో 'ఆస్త్రింహెంతె' ఉంది గానీ ఇళ్లలో ఎవరూ అనరు. పచ్చి అరటికాయలా నోరు ఆరిపోతుందని చెప్పండి: "కోమో ఎల్ ప్లాతనో వెర్దె". మెక్సికో వాళ్లకు పచ్చి మామిడి మీద ఉప్పూ కారం కొత్త కాదు, చింతపండు మిఠాయిలు వాళ్ల పిల్లలు రోజూ తింటారు. కొత్తది వేపపువ్వు ఒక్కటే. అక్కడ ఆగి, "ఏడాది అన్నీ తెస్తుంది కాబట్టి ఆరూ కలిపి తింటాం" అని చెప్పండి: "ఎల్ ఆన్యో త్రాయె దె తోదో."

అపోహ: మన యాసకి నవ్వుతారు.

భయపడకండి. స్పానిష్ త, ద మన త, ద లాగే పలుకుతాయి, అచ్చులూ దగ్గరే. 'ఎల్', 'లా' తప్పినా ఎవరూ పట్టించుకోరు. ఒక్క అక్షరం మాత్రం వదలొద్దు: మెసేజ్‌లో año కొట్టేటప్పుడు ñ మీద ఆ గీత. అది లేకపోతే ఏడాది కాస్తా మలద్వారం అవుతుంది. ఫోన్‌లో n నొక్కి పట్టుకుంటే వస్తుంది. పెద్దవాళ్లని 'ఉస్తెద్' అనండి, మన 'మీరు' లాగ. సంవత్సరం పేరుని అనువదించకండి. 'పరాభవ' అని పేరు చెప్పి, అలాంటివి 60 ఉన్నాయనండి, చాలు.

అపోహ: ప్రసాదమని చెబితే తినరు, కాబట్టి చెప్పకూడదు.

చెప్పాలి. "ప్రిమెరో లో ఒఫ్రెసెమోస్ అ దియోస్", ముందు దేవుడికి పెడతామని. కేథలిక్ ఇళ్లవాళ్లు చాలామంది సంతోషంగా తీసుకుంటారు. 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చిన ఉగాదులు రెండూ వాళ్ల నలభై రోజుల ఉపవాస కాలంలోనే పడ్డాయి. శుక్రవారాలు మాంసం మానే రోజులవి, మన వంట వాళ్లకు వింతగా ఉండదు. ఎవాంహెలికో అనే ప్రొటెస్టెంట్ క్రైస్తవ కుటుంబాలవాళ్లు కొందరు మాత్రం వేరే దేవుడికి పెట్టింది తినరు. అది వాళ్ల నమ్మకం, మన మీద కోపం కాదు. నైవేద్యానికి ముందే ఒక గిన్నెలో విడిగా తీసి ఉంచండి. "ఎస్తె నో ఎస్తా ఒఫ్రెసీదో" అని ఆ గిన్నె చూపించండి, ఇది పెట్టనిది అని.