కూడికలో జారిపోయే బిట్లు

ఒక పాఠకుడు పంపిన ప్రశ్న నన్ను కొన్ని రోజులుగా వదలలేదు. ఫ్లోటింగ్ పాయింట్ చలరాశిలో ఒక్కొక్కటి కలుపుతూ లెక్కపెడుతుంటే విలువ 1,67,77,216 దాకా చక్కగా పెరిగి అక్కడ ఆగిపోయిందట. ఆ తర్వాత ఎన్నిసార్లు ఒకటి కలిపినా కదలలేదు, లోపం ఉన్నట్టు హెచ్చరికా రాలేదు. ఆయన చూసినది ఇదే:

```
float s = 16777216.0f;
s = s + 1.0f;
printf("%.1f\n", s);    /* 16777216.0 */
```

యంత్రం పాడై ఇలా జరగలేదు. కూడిక తన నియమాలను అక్షరాలా పాటించినందువల్లనే ఇది జరిగింది. ఆ నియమాలను చేత్తో ఒక్కసారి చేసి చూస్తే కారణం దానంతట అదే బయటపడుతుంది. పైన float అని రాసిన నిజమైన సింగిల్ ప్రెసిషన్‌లో, సంఖ్యలోని అంకెలను ఉంచే భాగమైన మాంటిస్సాకు 24 బిట్లుంటాయి కాబట్టి కాగితం మీద చేయడం కష్టం. అందుకని మాంటిస్సాకు ఐదే బిట్లున్న ఒక చిన్న పద్ధతిని ఊహించుకుందాం: చుక్కకు ముందు ఒక బిట్, చుక్క తర్వాత నాలుగు. గుర్తు బిట్ గురించీ, ఘాతాంకానికి 127 కలిపి దాచే ఏర్పాటు గురించీ ఇక్కడ చెప్పడం లేదు, ఎందుకంటే మనకు కావలసిన సంగతి వాటిలో లేదు.

13.5కు 3.125 కలపాలి. బైనరీలో మొదటిది 1101.1, రెండవది 11.001. చుక్కకు ముందు ఒకే ఒక్క 1 మిగిలేలా రాస్తే అవి ఇలా ఉంటాయి:

```
13.5  = 1.1011 x 2^3
3.125 = 1.1001 x 2^1
```

ఘాతాంకాలు వేరుగా ఉన్నంతవరకు ఈ మాంటిస్సాలను కలపడానికి వీల్లేదు, ఎందుకంటే ఒకే నిలువు వరుసలో ఉన్న బిట్లకు వేరువేరు విలువలున్నాయి. కాబట్టి చిన్న ఘాతాంకమున్న సంఖ్యను, ఘాతాంకాల తేడా ఎంతో అన్ని స్థానాలు కుడికి జరపాలి. ఇక్కడ తేడా రెండు.

చిన్నదాన్ని పెద్దదానితో సరిచేయాలని పాఠాలు చెబుతాయి గానీ, పెద్దదాన్నే చిన్నదాని స్థాయికి ఎందుకు దించకూడదో చాలాసార్లు చెప్పకుండా దాటవేస్తాయి. పెద్దదాన్ని ఎడమకు జరిపితే, చోటు చాలక బయటికి పడిపోయేవి దాని పైబిట్లు, అంటే ఆ సంఖ్యలో అత్యధిక విలువ ఉన్న భాగం. చిన్నదాన్ని కుడికి జరిపితే పడిపోయేవి అతి తక్కువ విలువున్న కింది బిట్లు. ఏదో ఒకటి పోగొట్టుకోక తప్పనప్పుడు తక్కువదాన్ని వదులుకోవడమే ఈ నియమంలోని ఆలోచన.

```
  1.1011 00  x 2^3
+ 0.0110 01  x 2^3
------------------
 10.0001 01  x 2^3
```

రెండవ సంఖ్య చివర ఖాళీ తర్వాత ఉన్న 01ను గమనించండి. ఐదు బిట్ల పరిధిని దాటి కుడికి జారిన బిట్లు అవే, కథంతా వాటిదే. మొత్తంలో చుక్కకు ముందు రెండు బిట్లు వచ్చాయి కనుక దాన్ని ఒక స్థానం కుడికి జరిపి ఘాతాంకాన్ని ఒకటి పెంచాలి. దీన్నే నార్మలైజేషన్ అంటారు. ఫలితం:

```
1.0000 101  x 2^4
```

ఇప్పుడు ఖాళీ తర్వాతి 101ను ఏం చేయాలన్నది తేల్చాలి. మనకు దక్కే చివరి బిట్ విలువను ఒకటిగా తీసుకుంటే, ఈ తోక విలువ 0.625, అంటే సగాన్ని మించింది. కాబట్టి పైకి సవరించి 1.0001 x 2^4 అని రాస్తాం, అది 17. అసలు మొత్తం 16.625. 16 కంటే 17 దానికి దగ్గర కనుక, ఈ పద్ధతిలో ఇంతకంటే మంచి జవాబు లేదు.

జారిన 01ను జరిపినప్పుడే పారేసి ఉంటే ఏమయ్యేదో చూద్దాం. కూడిక 10.0001 వచ్చేది, నార్మలైజ్ చేస్తే 1.0000 తర్వాత తోకగా 1 మాత్రమే మిగిలేది, అంటే సరిగ్గా సగం. సరిగ్గా సగమైనప్పుడు చివరి బిట్ సున్నా అయ్యే వైపుకు సవరించాలన్నది ఐఈఈఈ 754 ప్రమాణంలో సాధారణంగా వాడే నియమం. ప్రతిసారీ పైకే సవరిస్తే పొడవైన కూడికల్లో తప్పులన్నీ ఒకే దిక్కున పోగవుతాయి కాబట్టి అలా పెట్టారు. ఆ నియమం ప్రకారం జవాబు 16 అయ్యేది. పనికిరానిదిగా కనబడిన ఆ చివరి 1, అటా ఇటా అన్న సందేహాన్ని తీర్చి 17ను నిలబెట్టింది.

యంత్రంలో జారిన బిట్లన్నింటినీ దాచడానికి చోటు అక్కరలేదు. గార్డ్, రౌండ్ అని రెండు బిట్లు, వాటి వెనక స్టికీ అని ఒక బిట్ చాలు. ఆ రెండింటినీ దాటి జారిన వాటిలో ఎక్కడైనా ఒక్క 1 ఉంటే స్టికీ బిట్ 1 అవుతుంది, తర్వాత ఎన్ని సున్నాలు వచ్చినా 1గానే ఉండిపోతుంది. సరిగ్గా సగమా, సగం కంటే ఎంతో కొంత ఎక్కువా అన్నది తెలిస్తే చాలు కాబట్టి, వంద స్థానాలు జరిపినా ఈ మూడు బిట్లతో సవరింపు సరిగ్గా జరుగుతుంది. ఇంత తక్కువ సామగ్రితో ఇంత కచ్చితత్వం సాధించడం నాకు ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఈ అదనపు బిట్లు లేకపోతే తీసివేతలో నష్టం మరీ పెద్దది. మన పద్ధతిలోనే 1 నుంచి 0.96875 తీసేద్దాం. రెండవది 1.1111 x 2^-1, దాన్ని ఒక స్థానం జరిపితే 0.11111 అవుతుంది. ఐదో స్థానపు బిట్‌ను ఉంచుకుంటే తేడా 0.00001, అంటే 0.03125, అదే సరైన జవాబు. దాన్ని పారేస్తే తేడా 0.0001, అంటే 0.0625, అసలు జవాబుకు రెట్టింపు. పైబిట్లన్నీ ఒకదానితో ఒకటి రద్దయిపోయాక, నార్మలైజేషన్ ఇక్కడ మాంటిస్సాను ఎడమకు జరుపుతుంది. అప్పుడు పారేసిన బిట్ ఉండాల్సిన చోటే జవాబుకు ముఖ్యమైన చోటవుతుంది. ఐబీఎం సిస్టమ్/360 యంత్రాలు మొదట డబుల్ ప్రెసిషన్‌లో గార్డ్ అంకె లేకుండానే వచ్చాయి. 1968లో ఆ సంస్థ దాన్ని చేర్చి, అప్పటికే వాడుకలో ఉన్న యంత్రాలను కూడా మార్చింది.

ఇక పాఠకుడి ప్రశ్నకు వద్దాం. 1,67,77,216 అంటే 2కు 24వ ఘాతం. దానికి ఒకటి కలపాలంటే ఆ ఒకటిని 24 స్థానాలు కుడికి జరపాలి. మాంటిస్సాలో చుక్క తర్వాత 23 బిట్లే ఉన్నాయి కనుక అది సరిగ్గా గార్డ్ బిట్‌లో పడుతుంది, దాని వెనక అన్నీ సున్నాలే. అంటే సరిగ్గా సగం. మాంటిస్సా చివరి బిట్ ఇప్పటికే సున్నా కాబట్టి సంఖ్య అలాగే ఉండిపోతుంది. మళ్ళీ కలిపినా ఇదే లెక్క, ఇదే ఫలితం. ఒకటికి బదులు మూడు కలిపి చూడండి: 1,67,77,219 రావలసిన చోట 1,67,77,220 వస్తుంది, ఎందుకంటే ఆ పరిధిలో సరిసంఖ్యలనే రాయగలం, పైగా రెండు పక్కల ఉన్న 218, 220లలో మాంటిస్సా చివర సున్నా ఉన్నది రెండవదానికే.

ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలు తమ ఇష్టం వచ్చినట్టు తప్పుతాయన్న ఒక మూఢనమ్మకం ప్రోగ్రామర్లలో ఉంది. అది నిజం కాదు. ఒకే జత సంఖ్యలను ఒకే సవరింపు నియమంతో ఎన్నిసార్లు కలిపినా ఒకే జవాబు వస్తుంది. మారేది వరుస మార్చినప్పుడు. మన ఐదు బిట్లలో 16కు 0.5 కలిపితే సరిగ్గా సగమై 16గానే ఉంటుంది, మరో 0.5 కలిపినా అంతే. ముందు ఆ రెండు 0.5లను కలిపి 1 చేసుకుని 16కు చేరిస్తే 17 వస్తుంది. అందుకే పొడవైన జాబితాను కూడేటప్పుడు చిన్నవాటిని ముందు ఒకచోట చేర్చి పెద్దవాటికి తర్వాత కలుపుతారు. ఆ పాఠకుడి లెక్కకు మాత్రం ఆ ఉపాయం కూడా అక్కరలేదు, ఒక్కొక్కటిగా లెక్కపెట్టే పనికి పూర్ణాంక చలరాశి వాడితే చాలు.