కిలోలీటరు నీటి ఖర్చు: పంపు దగ్గర 16 రూపాయలు, కుళాయి దగ్గర 21 ఎలా అవుతుంది? – అపోహలు, వాస్తవాలు

నీటి సరఫరా విభాగంలో ఖర్చుల పట్టికలు తయారుచేసే పని చాలాకాలంగా చేస్తున్నాను. "మీ ప్లాంటులో కిలోలీటరుకు ఎంత పడుతుంది?" అని అడిగితే చాలామంది ఒక్క అంకె చెప్పి ఆగిపోతారు. అది ఏ నీటికి వేసిన లెక్క? ప్లాంటు గేటు దాటిన నీటికా, ఇంటికి చేరిన నీటికా, బిల్లు అయిన నీటికా? ఇది తేల్చకుండా చెప్పే అంకెతో ధర నిర్ణయించినా, లీకుల పనికి డబ్బు కేటాయించినా తప్పు దారిలో పడతాం. లెక్క కోసం ఒక ఊహా ప్లాంటును తీసుకుంటాను. చివరిదాకా అదే ప్లాంటు, అవే అంకెలు.

ఈ ప్లాంటు రోజుకు 21,000 కిలోలీటర్ల పచ్చినీటిని తీసుకుంటుంది. ఫిల్టర్ బెడ్లను ఎదురు నీటితో కడిగే బ్యాక్‌వాష్‌కీ, మట్టి అడుక్కి దిగే క్లారిఫయర్ తొట్టి బురద తీయడానికీ 1,000 కిలోలీటర్లు పోతాయి. మిగిలిన 20,000 కిలోలీటర్లు, అంటే నెలకు 6 లక్షల కిలోలీటర్లు ఊరి వైపు వెళ్తాయి. నెల ఖర్చు మొత్తం 96 లక్షల రూపాయలు.

అపోహ: శుద్ధి చేసే మందులే నీటిని ఖరీదు చేస్తాయి.

ప్లాంటు చూడడానికి వచ్చినవాళ్ల కళ్లు ముందుగా పటిక దిమ్మల మీద, క్లోరిన్ సిలిండర్ల మీద పడతాయి. ఖర్చంతా అక్కడే ఉందనుకుంటారు. మన ప్లాంటులో పటిక, క్లోరిన్ కలిపి నెలకు 2.4 లక్షలు. కిలోలీటరుకు 40 పైసలు.

కరెంటు సంగతి వేరు. నెలకు 3,60,000 యూనిట్లు, యూనిట్‌కు 7 రూపాయల చొప్పున 25.2 లక్షలు. కిలోలీటరుకు 4 రూపాయల 20 పైసలు. కిలోలీటరు నీరంటే ఒక టన్ను బరువు. దాన్ని 100 మీటర్లు ఎత్తాలంటే, ఏ నష్టమూ లేకపోయినా 0.27 యూనిట్లు కావాలి. పంపూ మోటారూ కలిసి 65 శాతం సామర్థ్యంతో నడిస్తే అది 0.42 యూనిట్లవుతుంది. నది నుంచి ప్లాంటుకు ఒకసారి, ప్లాంటు నుంచి ట్యాంకులకు ఇంకోసారి ఎత్తుతాం కాబట్టి కిలోలీటరుకు 0.6 యూనిట్లు దాటడం విచిత్రమేమీ కాదు.

ఈ రెండూ నీరు పెరిగితే పెరిగే, తగ్గితే తగ్గే ఖర్చులు. రెండూ కలిపి 27.6 లక్షలు, కిలోలీటరుకు 4.60. మిగిలిన 68.4 లక్షలు చుక్క నీరు పంపకపోయినా పెట్టాల్సినవే: జీతాలు 22 లక్షలు, మరమ్మతులు 10 లక్షలు, అప్పు వడ్డీ, యంత్రాలు, పైపుల తరుగుదల కలిపి 36.4 లక్షలు. ఈ చివరి పద్దును వదిలేసి "మాకు 10 రూపాయల్లోపే పడుతోంది" అని చెప్పేవారున్నారు. పైపు మార్చాల్సిన రోజు వచ్చినప్పుడు ఆ వదిలేసిన డబ్బే కావాలి. అందుకే దాన్ని కలిపే లెక్క వేస్తాను. 96 లక్షలను 6 లక్షలతో భాగిస్తే కిలోలీటరుకు 16 రూపాయలు.

అపోహ: నాలుగో వంతు నీరు కారిపోతే ఖర్చు నాలుగో వంతు పెరుగుతుంది.

ఈ 16 రూపాయలు గేటు దగ్గరి ధర. గేటు దాటాక 25 శాతం, అంటే నెలకు లక్షా 50 వేల కిలోలీటర్లు పైపుల్లోంచి భూమిలోకి పోతున్నాయనుకుందాం. జనానికి చేరింది నాలుగున్నర లక్షలు. ఖర్చు మాత్రం అదే 96 లక్షలు. భాగిస్తే 21 రూపాయల 33 పైసలు. పెరిగింది 25 శాతం కాదు, 33 శాతం. నష్టం సగానికి చేరితే ఖర్చు రెట్టింపవుతుంది.

చేరిన నీళ్లన్నీ బిల్లులోకి రావు. అరిగిపోయి తక్కువ చూపే మీటర్లు, లెక్కలో లేని కనెక్షన్లు కలిపి 60 వేల కిలోలీటర్లు అనుకుందాం. బిల్లు అయినవి 3.9 లక్షలు. వాటిమీద లెక్కిస్తే 24 రూపాయల 62 పైసలు.

పైపు లీకునీ ఈ 60 వేలనీ ఒకే గంపలో వేయకూడదు. లీకైన నీరు ఎవరికీ ఉపయోగపడలేదు. ఈ నీటిని మాత్రం ఎవరో తాగారు, వాడుకున్నారు. పోయింది నీరు కాదు, రాబడి. మీటర్లన్నీ కొత్తవి పెట్టినా ప్లాంటు పంపాల్సిన నీరు పెద్దగా తగ్గదు.

అపోహ: లీకులు ఆపితే ప్రతి కిలోలీటరుకూ 21 రూపాయలు మిగులుతాయి.

నివేదికల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. లీకైన లక్షా 50 వేలను 21.33తో గుణించి "నెలకు 32 లక్షలు మట్టిపాలు" అని రాస్తారు. ఆ అంకె చూసి అధికారులు డబ్బు మంజూరు చేస్తారు. ఏడాది తర్వాత ఖర్చు అంత తగ్గకపోతే లీకుల పని మీదే నమ్మకం పోతుంది. మంచి పనికి తప్పు లెక్క చేసే చెరుపు అది.

లీకుల్ని సగానికి తగ్గించాం, నెలకు 75 వేల కిలోలీటర్లు ఆగాయి అనుకుందాం. ఆ మేరకు ప్లాంటు తక్కువ పంపితే మిగిలేది కరెంటు, మందుల ఖర్చు మాత్రమే. కిలోలీటరుకు 4.60 చొప్పున నెలకు 3.45 లక్షలు. జీతాలు తగ్గవు, అప్పు తగ్గదు. జనానికి చేరిన కిలోలీటరు ఖర్చు 21.33 నుంచి 20.57కి దిగుతుంది. తేడా 76 పైసలు.

అదే 75 వేలను నీళ్లు సరిగా అందని వీధులకు మళ్లిస్తే? ఖర్చు 96 లక్షలే, చేరిన నీరు 5.25 లక్షలవుతుంది. కిలోలీటరు ఖర్చు 18 రూపాయల 29 పైసలకు వస్తుంది. అదే మరమ్మతు, అదే పైపు. ఆగిన నీరు ఎక్కడికి వెళ్లిందన్న దాన్నిబట్టి ఫలితం ఇంత మారింది.

ఇంకో సందర్భం ఉంది. ప్లాంటు పూర్తి సామర్థ్యంతో నడుస్తూ, కొత్త ప్లాంటు కట్టాలా అని ఆలోచిస్తున్న సమయంలో లీకునీటి విలువ 4.60 కాదు. ఆ కొత్త ప్లాంటులో కిలోలీటరుకు పడబోయే పూర్తి ఖర్చే దాని విలువ. అది 21 రూపాయల్ని దాటినా దాటవచ్చు. కాబట్టి లీకు విలువ కట్టేముందు ఆగిన నీటితో ఏంచేస్తారో అడగాలి.

అపోహ: పంపు సామర్థ్యాన్ని నడిచిన గంటలతో గుణిస్తే ఉత్పత్తి తెలిసిపోతుంది.

ఇంతవరకూ 6 లక్షల కిలోలీటర్లు నిజమేనని నమ్మి లెక్కలు వేశాం. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చింది? ప్లాంటు బయటి గొట్టం మీద పనిచేసే ఫ్లో మీటర్ లేనిచోట ఆపరేటర్ లాగ్‌బుక్‌లో గంటలు రాస్తాడు. నేమ్‌ప్లేట్ మీద గంటకు 1,000 కిలోలీటర్లని ఉంటే, 20 గంటలకు 20,000 అని వేసేస్తారు.

నేను పనిచేసిన ఒకచోట ఇలాగే లీకులు ఎక్కువని తేలింది. నెలలపాటు రోడ్లు తవ్వించాం. దొరికిన లీకులన్నీ కలిపినా లెక్కలో చూపిన నష్టానికి దరిదాపుల్లోకి రాలేదు. చివరికి సంపులో మట్టం పరీక్ష చేశాకే పంపు లెక్కలో రాసినంత నీరు పంపడం లేదని తెలిసింది. తవ్వకముందే చేయాల్సిన పరీక్ష అది. దానికి కావాల్సింది కొలతబద్ద, గడియారం, ఒక పూట ఓపిక.

ముందు శుద్ధినీటి సంపులోకి వచ్చే వాల్వు మూసి, పంపు కూడా ఆపి పావుగంట మట్టం చూడాలి. మట్టం పెరిగితే ఆ వాల్వు పూర్తిగా పట్టలేదనో, పంపు నుంచి నీరు వెనక్కి రాకుండా ఆపాల్సిన వాల్వు కారుతోందనో అర్థం. తగ్గితే సంపు కారుతోందో, నీరు బయటికి పోయే వేరే దారేదైనా ఉందో వెతకాలి. మట్టం కదలకపోతేనే పరీక్షకు విలువ. తర్వాత ఊరికి ఎప్పుడూ పంపే ఒత్తిడితోనే పంపును ఒక గంట నడిపి ఎంత దిగిందో కొలవాలి. సంపు వైశాల్యంలోంచి లోపలి స్తంభాల వైశాల్యం తీసేయడం మరవకూడదు.

మన ఊహా ప్లాంటుకు ఈ పరీక్ష చేద్దాం. స్తంభాలు పోగా వైశాల్యం 800 చదరపు మీటర్లు, గంటలో మట్టం 1.10 మీటర్లు దిగింది. అంటే గంటకు 880 కిలోలీటర్లు. నెలకు 6 లక్షలు కాదు, 5,28,000. పంపులో నీటిని తోసే చక్రమైన ఇంపెల్లర్ చుట్టూ ఉండే రింగులు అరిగితే నీరు పంపు లోపలే తిరుగుతుంది, కరెంటు మాత్రం దాదాపు అంతే తింటుంది.

ఇప్పుడు లెక్క మళ్లీ చూడండి. గేటు దగ్గర కిలోలీటరుకు 16 కాదు, 18 రూపాయల 18 పైసలు. చేరిన నాలుగున్నర లక్షలు మీటర్ల నుంచీ, బిల్లు కాని వాడకపు అంచనా నుంచీ వచ్చినవి కాబట్టి 21.33 మారలేదు. లీకు మాత్రం లక్షా 50 వేల నుంచి 78 వేలకు పడిపోయింది. 25 శాతం అనుకున్నది 15 శాతం కూడా లేదు. మిగతా 72 వేల కిలోలీటర్లు ప్లాంటు నుంచి అసలు బయలుదేరనే లేదు! ఈ పంపును బాగుచేస్తే అదే నీటిని 20 గంటలకు బదులు 17.6 గంటల్లో పంపవచ్చు. మొత్తం కరెంటులో సగం ఈ పంపుదే అయితే నెలకు సుమారు 21,600 యూనిట్లు, లక్షన్నర రూపాయలు మిగులుతాయి. రోడ్డు తవ్వక్కర్లేదు.

అపోహ: రోడ్డు మీద చిమ్మే పెద్ద లీకులే ఎక్కువ నీరు తాగేస్తాయి.

మెయిన్ పైపు పగిలి గంటకు 25 కిలోలీటర్లు పోతే అందరికీ కనిపిస్తుంది. ఒక్కరోజులో బాగుచేస్తారు, పోయింది 600 కిలోలీటర్లు. ఇంటి కనెక్షన్ మెయిన్‌కు కలిసేచోట గంటకు ఒకటిన్నర కిలోలీటర్లు భూమిలోకి ఇంకిపోతుంటే ఎవరూ ఫోన్ చేయరు. రెండు నెలలు అలా ఉంటే 2,160 కిలోలీటర్లు.

ఇలాంటివి పట్టుకోవడానికి రోజంతా నీళ్లిచ్చే చోట రాత్రి 2 నుంచి 4 గంటల మధ్య ఒక ప్రాంతానికి వెళ్లే నీటిని కొలుస్తాం. అప్పుడు వాడకం చాలా తక్కువ కాబట్టి మీటరులో కనిపించేదాంట్లో ఎక్కువ భాగం లీకే. ఆ రాత్రి అంకెను యథాతథంగా 24తో గుణించకూడదు. వాడకం తగ్గిన రాత్రివేళ పైపుల్లో ఒత్తిడి ఎక్కువ, దానితోపాటు లీకూ ఎక్కువ. పగటి ఒత్తిడికి తగ్గట్టు సరిచేయకపోతే లీకు ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. రోజుకు కొన్ని గంటలే నీళ్లిచ్చే చోట ఈ పద్ధతి నేరుగా పనిచేయదు, రాత్రి పైపులు ఖాళీగా ఉంటాయి. అక్కడ ఒక చిన్న ప్రాంతాన్ని ఎంచుకుని, ఇళ్ల కనెక్షన్ల దగ్గర కుళాయిలు మూయించి, పైపును ఒత్తిడితో నింపి ఎంత నీరు లోపలికి వెళ్తూనే ఉందో కొలవాలి. కష్టమైన పనే, కానీ ఆ 78 వేలలో ఎంత ఏ వీధిలో పోతోందో అప్పుడే తెలుస్తుంది.