స్పాన్సర్‌కి పంపే ఇన్‌వాయిస్ ఈమెయిల్: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో ఈవెంట్లు చేసే మా చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో స్పాన్సర్లకు వెళ్లే ఉత్తరాలన్నీ నేనే చూస్తాను. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫిబ్రవరి 6 నుంచి 8 దాకా తెలుగు నాటికల పోటీ. ఇచ్ఛాపురంలోని ఒక బంగారు నగల షాపు, భాగస్వామ్య సంస్థ, 2 లక్షలకు ప్రధాన స్పాన్సర్. వాళ్లకు వెళ్లబోయిన మొదటి ఈమెయిల్ ఇది:

"ఇన్‌వాయిస్ జత చేశాం. 40-40-20 పద్ధతిలో చెల్లించగలరు. ప్రయోజనాల జాబితా కూడా జత చేశాం."

అపోహ: శాతాలూ జాబితా రెండూ ఉన్నాయి కదా, ఇంకేం కావాలి?

వాస్తవం: ఆ రెండింటికీ ముడి లేదు. షాపు యజమాని మొదటి 40 శాతం కట్టి, మర్నాడే వేదిక వెనుక ఫ్లెక్సీ డిజైన్ చూపించమంటాడు. మన లెక్కలో అది రెండో విడతకు వచ్చేది. అడగడం ఆయన తప్పు కాదు, ఎక్కడా రాయలేదు మరి. ప్రతి విడతకూ నాలుగు సంగతులు పక్కపక్కనే ఉండాలి: ఎంత, ఏ తేదీలోపు, దానికి బదులు ఏం దక్కుతుంది, అందుకు వాళ్లు మనకేం పంపాలి. తిరగరాస్తే ఇలా ఉంటుంది:

"నమస్కారమండీ. మొదటి విడత రూ.80,000, జీఎస్‌టీ అదనం. డిసెంబర్ 20లోపు మా ఖాతాలో జమ కావాలి. జమయ్యాక ఆహ్వాన పత్రిక మీదా, పోస్టర్ల మీదా మీ లోగో వస్తుంది. 24న ప్రింటింగ్‌కి ఇస్తాం కాబట్టి లోగో సీడీఆర్ ఫైలు కూడా 20లోపే పంపండి.

రెండో విడత రూ.80,000, జనవరి 20లోపు. దీనితో వేదిక ఫ్లెక్సీ, ప్రవేశ ద్వారం, మూడు రోజులూ యాంకర్ ప్రకటనలు.

మూడో విడత రూ.40,000. పోటీ అయ్యాక ఫొటోలు, వీడియో క్లిప్పులు, పత్రికల్లో వచ్చిన వార్తల కటింగులు మీకు పంపుతాం. అవి అందిన 7 రోజుల్లో చెల్లిస్తే చాలు."

మూడో విడతలో వరుస తిరగబడింది చూడండి. ముందు మనం ఇస్తాం, తర్వాత వాళ్లు కడతారు. కొత్త స్పాన్సర్‌కి ధైర్యం వచ్చేది ఈ వాక్యంతోనే, దాన్ని చివర్లో చిన్న అక్షరాల్లో దాచకండి. "జమ కావాలి" అన్న మాటా కావాలనే పెట్టాం. 20న చెక్కు చేతికిచ్చి, అది 26న పాసైతే, పత్రిక అప్పటికే ప్రెస్‌లో ఉంటుంది.

సీడీఆర్ అంటే ఎంత పెద్దది చేసినా చెదరని డిజైన్ ఫైలు. అదే ఎందుకంటే, వాట్సాప్‌లో వచ్చిన లోగో ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీద చెదిరిపోతుంది. ఇక్కడి గోడ పోస్టర్లకు ఒడియాలో కూడా పేరు కావాలంటే ఆ స్పెల్లింగ్ వాళ్లచేతే రాయించుకోండి.

అపోహ: ఆలస్యమైతే ఏమవుతుందో రాస్తే పెద్దమనుషులు నొచ్చుకుంటారు.

వాస్తవం: ముందే రాస్తే అది సమాచారం, ఆలస్యమయ్యాక రాస్తే తగాదా. "20 దాటితే పత్రిక మీద లోగో వేయలేం. దానికి బదులు ద్వారం దగ్గర రెండు స్టాండీలు పెడతాం, మొత్తంలో మార్పు ఉండదు" అంటే చాలు.

అపోహ: జీఎస్‌టీతో కలిపి మొత్తం 2,36,000కి మొదటే ఇన్‌వాయిస్ ఇచ్చేస్తే పని అయిపోతుంది.

వాస్తవం: సేవలకు ఇన్‌వాయిస్ ఇచ్చినప్పుడో, డబ్బు వచ్చినప్పుడో, ఏది ముందైతే అప్పుడే జీఎస్‌టీ బాధ్యత పడుతుంది. మొత్తానికి ఒకేసారి ఇచ్చామంటే, చేతికి మొదటి విడతే వచ్చినా 36,000 పన్నూ మనమే కట్టాలి. అందుకే ముందు ఆ విడతకు మాత్రమే ప్రొఫార్మా, అంటే పన్ను బాధ్యత పడని ముందస్తు బిల్లు, పంపుతాం. డబ్బు పడగానే రిసీట్ వోచర్, తర్వాత ట్యాక్స్ ఇన్‌వాయిస్.

ఇచ్ఛాపురం మనకు పక్క ఊరే అయినా రాష్ట్రం వేరు. స్పాన్సర్‌కి అక్కడ జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి 18 శాతం ఐజీఎస్‌టీ, అంటే రాష్ట్రాల మధ్య లావాదేవీకి వేసే జీఎస్‌టీ, పడుతుంది. అదే బరంపురం షాపైతే కేంద్రానికి తొమ్మిది శాతం, రాష్ట్రానికి తొమ్మిది. ఇదంతా మాలాంటి కంపెనీల సంగతి. 2025 జనవరి 16 నుంచి కంపెనీలు తామే పన్ను వేసి వసూలు చేయాలి. సంఘాలూ ట్రస్టులూ నిర్వహిస్తే పన్ను భారం స్పాన్సర్ మీదికి వెళ్లే సందర్భాలున్నాయి, ఆడిటర్‌ని అడిగి రాయండి.

అపోహ: మొదటి విడతకు జీఎస్‌టీతో కలిపి 94,400 రావాల్సింది 92,800 వచ్చింది, 1,600 బాకీ ఉన్నారు.

వాస్తవం: అది టీడీఎస్ కావచ్చు, అంటే వాళ్లు ముందే కోసి మన పేరు మీద ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను. 80,000 మీద 2 శాతం అంటే సరిగ్గా 1,600. జీఎస్‌టీని విడిగా చూపిస్తే దాని మీద కోత ఉండదు, కాబట్టి తేడా 1,888 వస్తే వాళ్ల అకౌంటెంట్ మొత్తం మీద కోశాడని అర్థం. బాకీ నోటీసు పంపేముందు ఈ గుణకారం చేయండి. ఈమెయిల్‌లోనే "టీడీఎస్ మినహాయిస్తే విడత పూర్తిగా చెల్లించినట్టే లెక్క, ప్రయోజనాలు ఆగవు" అని రాసేయండి. ఇది మన మనిషికి కూడా అవసరం. 1,600 తక్కువ పడిందని డిజైనర్ లోగో ఆపేయకూడదు కదా.